రివర్స్ గేర్ వేయగానే పొడుగాటి బీప్: సెన్సర్ మార్చే ముందు బురద, నీళ్లు, వైర్లు చూసే పద్ధతి

విశాఖలో అక్టోబరు, నవంబరు వానలు మొదలయ్యాక కారు ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. రివర్స్ గేర్ వేయగానే మామూలు బీప్ బదులు రెండు మూడు సెకన్ల పొడుగాటి బీప్ వస్తుంది. స్క్రీన్ మీద "Sensor error or blockage" లాంటి సందేశం కనిపిస్తుంది. లేదంటే కెమెరా బొమ్మ రావాల్సిన చోట నల్లటి తెర మీద "No Signal" అని ఉంటుంది. కంపెనీని బట్టి మాటలు మారతాయి కానీ అర్థం ఒకటే: కంట్రోల్ యూనిట్‌కు వెనక పార్కింగ్ సెన్సర్ నుంచో కెమెరా నుంచో సరైన జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఆ సందేశం చెప్పదు. అయినా చాలాచోట్ల దాన్ని చూడగానే "సెన్సర్ పోయింది, మార్చాలి" అనేస్తారు.

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. అందుకే ఇప్పుడు చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో కూడా ఈ తలనొప్పి ఉంది. సెన్సర్ పైన పేరుకున్నదేమిటి, దాని వెనక వైరు ఎలా ఉంది అనేవి చూడకుండా కొత్తది బిగిస్తే డబ్బు పోతుంది, బీప్ మిగులుతుంది. ఆ చూడటం ఏ వరసలో చేయాలో కింద రాస్తున్నాను.

సందేశం ఎప్పుడు వస్తోంది?

పానా పట్టుకునే ముందు ఒక రెండు రోజులు గమనించండి. ఇగ్నిషన్ ఆన్ చేసి రివర్స్ వేసిన మరుక్షణమే, ఎండలోనూ వానలోనూ ఒకేలా తప్పు చూపిస్తే అది కరెంటు వైపు లోపం అనుకోవచ్చు. వైరు తెగడం, పిన్ను చిలుము పట్టడం, లేదా సెన్సర్ లోపలే చెడిపోవడం. వెనక ఖాళీగా ఉన్నా ఏదో అడ్డు ఉన్నట్టు బీప్ ఆగకుండా మోగుతుంటే, తప్పు సందేశం మాత్రం రాకపోతే, సెన్సర్ బతికే ఉంది. దాని ముందున్న దేన్నో అది చూస్తోంది. అది బురద కావచ్చు, నీటి బొట్టు కావచ్చు, వంగిన నంబర్ ప్లేటు కావచ్చు, కొత్తగా బిగించిన బంపర్ గార్డు కావచ్చు.

వాన కురుస్తున్నంతసేపే తప్పు బీప్‌లు వచ్చి, తుడవగానే పోతే పట్టించుకోనక్కర్లేదు. వాన వెలిశాక మొదలై, ఒకటి రెండు రోజుల ఎండకు తగ్గి, మళ్లీ వానకు తిరిగొస్తే మాత్రం నీళ్లు ఎక్కడో కనెక్టర్‌లోకో అతుకులోకో దిగుతున్నాయి. ఈ రకం తగ్గినప్పుడల్లా "బాగైపోయింది" అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. వచ్చిన ప్రతిసారీ లోపల రాగిని చిలుము ఇంకొంచెం తింటుంది.

ఇంకో సంగతి. కాన్వెంట్ జంక్షన్, పోర్టు రోడ్డు వైపు ట్రెయిలర్ల మధ్య కారు వెనక్కి తీసేటప్పుడు ఒక్క క్షణం దొంగ బీప్ వచ్చి పోతే టెన్షన్ పడకండి. లారీ ఎయిర్ బ్రేకు వదిలే "ఫుస్స్" శబ్దంలో మన చెవికి అందని అధిక పౌనఃపున్య శబ్దం కూడా ఉంటుంది. సెన్సర్ దాన్ని తన ప్రతిధ్వని అనుకుంటుంది. అది రిపేరు చేసే లోపం కాదు.

బురద ఎక్కడ కూర్చుంటుంది

బంపర్‌లో రూపాయి బిళ్లంత కనిపించే ఆ గుండ్రటి ముఖం నిజానికి పలుచని లోహపు పొర. దాని వెనక పీజో బిళ్ల ఉంటుంది. అది 40, 50 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఆ పొరను కంపింపజేసి శబ్దాన్ని పంపుతుంది, వెంటనే అదే పొరతో ప్రతిధ్వనిని వింటుంది. గంట కొట్టాక కాసేపు మోగుతూ ఉన్నట్టే ఈ పొర కూడా పంపిన తర్వాత లిప్తపాటు అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఎంతసేపట్లో ఆగాలో కంట్రోల్ యూనిట్‌కు తెలుసు. పొర మీద మట్టి గట్టిపడితే ఆ లెక్క తప్పుతుంది. చాలా కార్లు దాన్ని గుర్తించే "blockage" అని చూపిస్తాయి.

అందరూ ముఖం తుడిచి ఊరుకుంటారు. అసలు బురద సెన్సర్ చుట్టూ ఉండే సన్నటి సందులో ఉంటుంది. సెన్సర్‌కీ బంపర్‌కీ మధ్య ఒక సిలికాన్ రింగు ఉంటుంది. సెన్సర్ అదురు బంపర్‌కు పాకకుండా ఆపడం దాని పని. ఆ సందులో మట్టి ఎండి గట్టిపడితే రెండూ ఒకటైపోతాయి. పంపిన శబ్దం బంపర్ ప్లాస్టిక్ గుండా తిరిగొచ్చి "వెనక అడ్డుంది" అనిపిస్తుంది. భీమిలి వైపు, మధురవాడ దాటాక కొత్త లేఅవుట్లలో ఉండే మెత్తటి ఎర్రమట్టి దీనికి మరీ అనువైనది. తడిలో సందులోకి జారుతుంది, ఎండకు గట్టిపడుతుంది. మల్కాపురం, గాజువాక వైపు దుమ్ములో నూనె జిడ్డు కూడా కలుస్తుంది కాబట్టి వట్టి నీళ్లతో వదలదు.

శుభ్రం చేసేటప్పుడు ముందు తడిగుడ్డను సెన్సర్ల మీద పది నిమిషాలు అలా ఆనించి ఉంచండి. నానాక వాడేసిన మెత్తటి టూత్‌బ్రష్‌తో, కారు షాంపూ కలిపిన నీళ్లతో సందు చుట్టూ తిప్పండి. తర్వాత మగ్గుతో మంచినీళ్లు పోసి, పొడిగుడ్డతో అద్దండి. పిన్నీసు, స్క్రూడ్రైవర్ మొనతో గోకవద్దు. పొర మీద గీత పడినా రింగు చిరిగినా ఇక మార్చడమే. పెట్రోలు, థిన్నర్ వాడొద్దు. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ప్రెషర్ గన్నును సెన్సర్లకూ కెమెరాకూ దగ్గరగా పెట్టవద్దని ముందే చెప్పండి, కనీసం ఒక అడుగు దూరం ఉండాలి. ఆ ఒత్తిడికి నీళ్లు రింగు దాటి వెనక కనెక్టర్ దాకా పోతాయి. సర్వీసింగ్ చేయించిన సాయంత్రమే తప్పు మొదలైతే మొదటి అనుమానం దీని మీదే.

బంపర్‌కు ఇటీవల పెయింటు వేయించి ఉంటే అది కూడా చూడండి. సెన్సర్లు తీయకుండా పైనుంచే మందంగా కొడితే పొర బరువెక్కుతుంది, రింగు దగ్గర పెయింటు గట్టిపడి అతుక్కుంటుంది. దీన్ని ఎంత కడిగినా లాభం లేదు.

టిక్ టిక్ వినడం

శుభ్రం చేసినా తప్పు పోకపోతే వెనకున్న నాలుగు సెన్సర్లలో ఏది పలకడం లేదో కనిపెట్టాలి. కారును చదునైన చోట ఆపండి. మన ఊళ్లో ఇళ్ల ముందు రోడ్లు సగం ఏటవాలే కాబట్టి ఈ మాట ఊరికే చెప్పడం లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి రివర్స్ గేర్ వేయండి. ఇంజన్ నడుస్తున్న కారు వెనక రివర్స్‌లో ఎవరూ కూర్చోకూడదు.

ఇప్పుడు ఒక్కో సెన్సర్ మీద వేలికొన ఆనించండి. బతికున్నది సన్నగా టకటకమని కొట్టుకుంటుంది. అసలు శబ్దం మనకు వినిపించేది కాదు కానీ, అది మొదలై ఆగే ప్రతిసారీ వచ్చే చిన్న టిక్ వినిపిస్తుంది. రోడ్డు గోల ఉంటే ఒక సన్నటి రబ్బరు గొట్టం ఒక చివర సెన్సర్ దగ్గర, ఇంకో చివర చెవి దగ్గర పెట్టుకోండి. మూడు పలికి ఒకటి మూగగా ఉంటే మీ దొంగ దొరికినట్టే. ఎడమ చివరి నుంచి దానికి ఒక నంబరు వేసి రాసుకోండి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. కొన్ని కార్లలో ఒక్క సెన్సర్ లోపం కనిపించగానే కంట్రోల్ యూనిట్ మొత్తం నాలుగింటినీ ఆపేస్తుంది. అప్పుడు నాలుగూ మూగగానే ఉంటాయి. అలాంటి కారుకు పార్కింగ్ మాడ్యూల్ చదవగలిగే స్కానర్ కావాలి. వెయ్యి రెండు వేలకు దొరికే చిన్న రీడర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఇది చూపించవు. స్కానర్ ఉన్న షాపులో ఏ నంబరు సెన్సర్ అన్నదే కాక, సర్క్యూట్ తెగిందని చూపిస్తోందా, షార్ట్ అయిందని చూపిస్తోందా కూడా అడిగి తెలుసుకోండి.

ఒక కారు కథ: మూడో సెన్సర్

ఎండాడలో ఉండే మా తోడల్లుడి హ్యాచ్‌బ్యాక్‌కు వాన పడ్డ మర్నాడల్లా పొడుగు బీప్ వచ్చేది. ఒక షాపులో నాలుగు సెన్సర్లూ మార్చమన్నారు. "ఏం చేయమంటావు అన్నయ్యా, మార్చేయమంటావా?" అని ఫోన్ చేస్తే, ఆగమని చెప్పి ఆదివారం కారు తెప్పించాను. కడిగాం, తప్పు పోలేదు. టిక్ విన్నాం, ఎడమ నుంచి మూడోది మూగది.

ఇక్కడ చేయాల్సింది స్థానాలు మార్చి చూడటం. ఇగ్నిషన్ ఆపి, రెండో సెన్సర్‌నూ మూడో సెన్సర్‌నూ ఒకదాని చోట ఒకటి పెట్టాం. రెండూ ఒకే రకం అయితేనే ఇది కుదురుతుంది. మూలల్లో ఉండేవి కొన్ని కార్లలో వేరే కోణంలో, వేరే పార్ట్ నంబరుతో ఉంటాయి కాబట్టి నడిమి రెండిటినే మార్చుకోవడం మంచిది. మళ్లీ రివర్స్ వేస్తే మూగతనం సెన్సర్‌తో పాటు రెండో చోటికి రాలేదు, మూడో చోటే ఉండిపోయింది. అంటే పాత మూడో సెన్సర్ బాగానే ఉంది, లోపం ఆ చోటికి వెళ్లే వైర్లలో ఉంది. సెన్సర్‌తో పాటు లోపం కదిలి ఉంటే ఆ ఒక్క సెన్సర్ కొని పని ముగించేవాళ్లం.

కనెక్టర్‌లో మూడు పిన్నులున్నాయి: సప్లయి, ఎర్త్, సిగ్నల్. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో సప్లయికీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 12.1 వోల్టులు. పక్క సెన్సర్ దగ్గరా అంతే. చాలామంది ఇక్కడే "వైరింగ్ బాగుంది" అని తేల్చేస్తారు. కానీ మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. ఒక్క పోగు అంటుకుని ఉన్నా, చిలుము గుండా వచ్చినా మీటర్ నిండు వోల్టేజీ చూపిస్తుంది. సెన్సర్ తగిలించి, అది కరెంటు లాగుతున్నప్పుడు కొలవాలి.

కనెక్టర్ మళ్లీ బిగించి, వెనక వైరు దూరే వైపు నుంచి సన్నటి ప్రోబులు లోపలికి తోసి చూశాం. రెండో సెన్సర్ దగ్గర 11.9 వోల్టులు. మూడో దాని దగ్గర 7.4. తర్వాత ఒక ప్రోబు ఎర్త్ పిన్ను మీద, రెండోది కారు బాడీ ఇనుము మీద పెట్టాం. మంచి ఎర్త్ అయితే 0.1 వోల్టు కూడా రాకూడదు. రెండో సెన్సర్‌కు 0.05 వచ్చింది. మూడో దానికి 4.5. పోయిన వోల్టులన్నీ ఎర్త్ వైరులోనే పోతున్నాయి. అది కూడా నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే భాగంలో కాదు, మూడో దానికి విడిగా వచ్చే ముక్కలో.

ఆ వైరు వెంబడి చేయి పెట్టుకుంటూ పోతే బంపర్ లోపలి అంచు దగ్గర ఒక నల్లటేపు ముడి తగిలింది. అంతకుముందు ఎప్పుడో ఆటో గుద్దితే బంపర్ రిపేరు చేయించారట, అప్పుడు తెగిన వైరును మెలితిప్పి టేపు చుట్టేశారు. టేపు విప్పితే జిగురు కారి లోపల పచ్చటి పొడి. రాగి పోగుల్లో రెండు మూడే మిగిలాయి. ఇన్సులేషన్ చీల్చుకుంటూ పోతే చిలుము వైరు లోపల నాలుగు వేళ్ల పొడవు పాకి ఉంది. రాగి నల్లబడినంత మేరా కోసేయాలి, మెరిసే రాగి కనిపించేదాకా. నల్లటి రాగి మీద కొత్త అతుకు నిలవదు. కోసినంత పొడవు కొత్త వైరు వేసి, క్రింప్ చేసి, లోపల జిగురుండే రకం హీట్ ష్రింక్ స్లీవ్ వేడిచేశాం. కొలిస్తే ఎర్త్ 0.04. సెన్సర్ ఒక్కటీ కొనలేదు.

వాన లేని రోజుల్లో కూడా తెల్లవారుజామున ఒక్కోసారి బీప్ వచ్చేదని అతను చెప్పాడు. దానికి కారణం సముద్రం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే తేమ పీల్చుకుని ద్రవమైపోతుంది. బీచ్ రోడ్డు, సాగర్‌నగర్, రుషికొండ వైపు తిరిగే కార్లలో కనెక్టర్ మీద పలుచటి ఉప్పు పొర చేరితే, వాన చుక్క పడకపోయినా అది రాత్రి తడిసి, మధ్యాహ్నానికి ఆరుతుంది. అందుకే కనెక్టర్లను కేవలం ఎండబెట్టి ఊరుకుంటే చాలదు, ఉప్పు పోవాలి. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక రబ్బరు సీలుకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయాలి. తుప్పు వదిలించే స్ప్రే ఈ పనికి సరిపోదు. తిరిగి బిగించేటప్పుడు వైరు కనెక్టర్ కంటే కొంచెం కిందికి వేలాడి పైకి వెళ్లేలా క్లిప్పు చేయండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

కెమెరా చీకటిగా ఉంటే

కెమెరాకు ముందు స్క్రీన్ ఏం చేస్తోందో చూడాలి. రివర్స్ వేసినా స్క్రీన్ పాటల నుంచి కదలకపోతే దానికి రివర్స్ సిగ్నలే అందడం లేదు. వెనక తెల్ల లైట్లు వెలుగుతున్నాయా చూడండి. అవీ లేకపోతే ఫ్యూజు, గేర్‌బాక్స్ దగ్గరి రివర్స్ స్విచ్చి చూడాలి, కెమెరాను ముట్టుకోనక్కర్లేదు. సెన్సర్లూ కెమెరా ఒకేసారి పోయినప్పుడు కూడా మొదట చూడాల్సింది ఇదే. బయట వేయించిన కెమెరాలకు చాలావరకు కరెంటు రివర్స్ లైటు వైరు నుంచే తీస్తారు కాబట్టి, ఆ హోల్డరులో చిలుము పట్టినా కెమెరా ఆరిపోతుంది.

స్క్రీన్ మారి "No Signal" వస్తే సిగ్నల్ అందింది, బొమ్మ రాలేదు. నల్లటి తెర మీద గైడ్ గీతలు మాత్రం కనిపిస్తే అవి ఎవరు గీస్తున్నారో గమనించండి. స్టీరింగ్ తిప్పితే గీతలు వంగితే, చాలావరకు వాటిని గీసేది కారు వైపు యూనిట్. కెమెరా బొమ్మ అక్కడికి రావడం లేదన్నమాట. కదలని గీతలు కొన్ని చౌక కెమెరాలు తామే గీస్తాయి. వాటిలో గీతలు కనిపిస్తున్నాయంటే కెమెరా, కేబుల్ పనిచేస్తున్నాయి, లెన్సే కప్పబడిపోయింది.

బొమ్మ మసకగా ఉంటే మెత్తటి గుడ్డతో తడిపి తుడవండి. పొద్దున మంచు పట్టినట్టుండి ఎండెక్కాక తేటపడితే ఆ తేమ లెన్స్ లోపల ఉంది, సీలు పోయింది. హెయిర్ డ్రయ్యర్ పెడితే కొన్నాళ్లు బాగుంటుంది, లోపలి బోర్డు తుప్పు పట్టడం మాత్రం ఆగదు. అలాంటి కెమెరా మార్చాల్సిందే.

బొమ్మ వణుకుతూ, వస్తూ పోతూ ఉంటే డిక్కీ డోర్‌కూ బాడీకీ మధ్య ఉండే ముడతల రబ్బరు గొట్టం చూడండి. కెమెరా డోర్ మీద ఉన్న కార్లలో వైరు దాని గుండానే పోతుంది, డోర్ తెరిచిన ప్రతిసారీ అదే చోట వంగుతుంది. పైన చెప్పినట్టే కారును నిలిపి, ఒకరు స్క్రీన్ చూస్తుండగా ఇంకొకరు పక్కన నిలబడి డోర్‌ను మెల్లగా తెరిచి మూస్తూ, ఆ గొట్టాన్ని నొక్కాలి. ఒక కోణంలో బొమ్మ మాయమైతే తెగింది అక్కడే. ఇన్సులేషన్ బాగానే కనిపించి లోపల రాగి తెగి ఉండొచ్చు. వైరును కొద్దిగా లాగితే తెగిన చోట రబ్బరులా సాగుతుంది.

ఈ అతుకు గొట్టం లోపల వేయకండి. టంకం వేసిన చోట వైరు బిగుసుకుపోయి, దాని పక్కనే మళ్లీ విరుగుతుంది. గొట్టానికి ఇటూ అటూ వంగని చోట కోసి, మధ్యలో మెత్తటి కొత్త వైరు దూర్చి, అతుకులు ఒకే చోట పడకుండా కొంచెం ఎడంగా వేయాలి. సప్లయి, ఎర్త్ వైర్లకే ఇది పనికొస్తుంది. బొమ్మను మోసే కేబుల్ లోపల వైరు, చుట్టూ జాలీ ఉండే రకం అయితే అతికిస్తే బొమ్మలో చారలు వస్తాయి, కేబుల్ మొత్తం మార్చడం మేలు. గొట్టం చిరిగి ఉంటే అదీ మార్చండి. దాని గుండానే నీళ్లు డిక్కీలోకి కారుతాయి.

చేయి పెట్టకూడని చోట్లు

బంపర్ మూలల్లో బ్లైండ్ స్పాట్ రాడార్ ఉన్న కార్లలో బంపర్ ఇంట్లో ఊడదీయవద్దు. రాడార్ కోణం కొంచెం మారినా మళ్లీ సరిచేయడానికి పరికరం కావాలి. 360 డిగ్రీల కెమెరా ఉన్న కారులో ఒక్క కెమెరా మార్చినా నాలుగు బొమ్మలు కలిసేలా కాలిబ్రేషన్ చేయించాలి. వారంటీ నడుస్తుంటే వైరు కోయకుండా, ఏ చోట ఏ రీడింగ్ వచ్చిందో కాగితం మీద రాసి, సందేశం ఫొటోతో సహా సర్వీస్ అడ్వయిజర్ చేతికివ్వండి. సెన్సర్ మార్చక తప్పదని తేలితే అదే పార్ట్ నంబరు అడగండి. పాత సిలికాన్ రింగు గట్టిబడి ఉంటే కొత్త రింగు కూడా వేయించండి. బంపర్ రంగు సెన్సర్‌కు కావాలంటే బిగించే ముందే, పలుచగా, రింగు లేకుండా వేయించుకోవాలి.